దురద మొదలైన తేదీ

"దురద ముందా, పొడి ముందా?"

ఈ ప్రశ్న వేసినామెకు ఆసుపత్రిలో ఎవరూ ఇంతవరకు సూటిగా జవాబు చెప్పలేదు. రెండో అంతస్తులో ఉన్న నా గదికి ఆమె వచ్చినప్పుడు గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. సాయంత్రం నాలుగు గంటలకల్లా ఆమె తండ్రి జబ్బు మీద రాసిన కేసు నివేదిక వైద్య పత్రికకు వెళ్ళాలి. రోగి సంతకం ఒక్కటే మిగిలింది. రోగి కూతురు ఆమే. బస్సు డిపోలో టైంకీపరు. ఏ బండి ఎన్నింటికి వెళ్ళింది, ఎన్నింటికి తిరిగొచ్చింది అన్నది పదిహేనేళ్ళుగా రాస్తున్న మనిషి. వరుస తప్పితే ఆమె కళ్ళు ఊరుకోవు.

నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ముప్పై ఒక్క సంవత్సరాలు జీవరసాయన శాస్త్రం బోధించి రిటైరయ్యాక, ఈ బోధనాసుపత్రిలో డాక్టర్లు రాసే కేసు నివేదికలకు తుదిమెరుగులు దిద్దే పని ఒప్పుకున్నాను. కథనం బిగువుగా ఉండాలి. నివేదిక చివర ఉండే చర్చ ఆ ఒక్క కేసు చూపించిన చోటనే ఆగాలి. నా పొడి అక్షరాల సంతకం పడనిదే ఏ నివేదికా గడప దాటదు. కుర్ర డాక్టర్లు నాకు 'కత్తెర' అని పేరు పెట్టారు. "మేడమ్ రాస్తే మన చావు ప్రకటన కూడా ఒక లైనే" అని వాళ్ళు నవ్వుకోవడం నేను విననట్టు నటిస్తాను. నిజానికి ఆ మాట నాకు నచ్చుతుంది. నచ్చడంలోనే ప్రమాదం ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

"కూర్చోండి. నివేదికలో ఉంది కదా, చదవలేదా?" అన్నాను.

"చదివానండీ. అందుకే వచ్చాను." ఆమె చేతిలోని కాగితం మీద వేలు పెట్టింది. "ఇదిగో, మీరేం రాశారో చూడండి. 'రెండు వారాలు మూలికల పొడి వాడిన తర్వాత రోగికి ఒళ్ళు దురద, పచ్చకామెర్లు వచ్చాయి.' అలా కాదండీ జరిగింది. నాన్నకి దురద వచ్చిందనే కదా నేను ఆ పొడి కొన్నాను! రక్తం శుభ్రమవుతుందని దుకాణం వాడు చెప్తే తెచ్చాను. దురద లేకపోతే పొడెందుకు తెస్తాను?"

నా పక్కన బల్ల దగ్గర కూర్చున్న చిన్న డాక్టరమ్మ తల వంచుకుంది. ఈ నివేదికకు మొదటి రచయిత ఆ అమ్మాయే. చివరి పరీక్షకు కూర్చోవాలంటే ఒక ప్రచురణ ఉండాలి, అది దీనితో తీరిపోతుంది. ఆ అమ్మాయి పనిచేసే విభాగానికి అధిపతి అయిన పెద్ద డాక్టరు పేరు చివర ఉంటుంది.

"మీ దగ్గర తేదీలున్నాయా?" అని అడిగాను.

ఆమె సంచిలోంచి డిపో నోటుపుస్తకం తీసింది. వెనక పేజీల్లో తండ్రి జబ్బు, బస్సుల రాకపోకల్లాగే, గీతలు గీసి రాసి ఉంది. మూడో తేదీ నుంచి తొమ్మిదో తేదీ దాకా పంటి వాపుకు మాత్రలు. ఇరవై నాలుగున రాత్రంతా గోక్కున్నాడు. ఇరవై ఆరున అన్నం సగం వదిలేశాడు. ఇరవై ఏడున పొడి మొదలు. తర్వాతి నెల తొమ్మిదిన కళ్ళు పచ్చబడ్డాయి. పదకొండున ఆసుపత్రి.

"ఆ పంటి మాత్రల పేరేమిటి?"

ఆమె చెప్పింది. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపిన మాత్ర. నా పెన్ను ఆగిపోయింది.

ఆ మందు గురించి వైద్యం చదివిన వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. అది కాలేయానికి హాని చేస్తే, మాత్రలు వాడుతున్నప్పుడే చేయాలని లేదు. వాడటం ఆపేసిన రెండు మూడు వారాలకు, కొన్నిసార్లు ఆరు వారాలకు, హాని బయటపడుతుంది. పెద్ద వయసు మగవాళ్ళలో ఎక్కువ. పైత్యరసం పారే దారి మూసుకుపోయిన తరహాలో దురద, కామెర్లు వస్తాయి. ఈ రోగికి అరవై నాలుగేళ్ళు. రక్తపరీక్షలు సరిగ్గా ఆ తరహానే చూపించాయి. స్కానులో రాయి గానీ అడ్డు గానీ లేదు.

"నివేదిక మొదటి ప్రతి ఎక్కడుంది?" అని చిన్న డాక్టరమ్మను అడిగాను.

ఆమె ఫైలు తెరిచి ఇచ్చింది. మొదటి ప్రతిలో రెండూ ఉన్నాయి. 'నెల ముందు పంటి వాపుకు ఏడు రోజులు యాంటీబయాటిక్ వాడారు.' తర్వాత నాలుగు వాక్యాలకు, 'మూడు రోజులుగా ఉన్న దురదకు మూలికల పొడి మొదలుపెట్టారు.' మొదటి వాక్యం మీద అడ్డంగా గీత, అంచున 'కేసుకు సంబంధం లేదు.' రెండోదాని మీద బాణం గుర్తు, అంచున 'కలిపి కుదించండి.' పెన్సిలు నాది. రాత నాది.

నేను చేసిన పని ఎలాంటిదో మీకు స్పష్టంగా చెప్తాను. పదిహేను వందల పదాల పరిమితిలో పెట్టడానికి తొంభై పదాలు తగ్గించాను. చర్చలో 'రుజువైంది' అన్న మాట కొట్టేసి 'సూచిస్తోంది' అని పెట్టాను. ఇలాంటి పొడులన్నీ నిషేధించాలన్న పేరా మొత్తం తీసేశాను. చర్చకు కాపలా కాశానని ఒకింత గర్వపడ్డాను కూడా. ఆ చర్చ నిలబడాల్సిన కథనాన్ని మాత్రం నా చేత్తోనే తలకిందులు చేశాను. దురద వెళ్ళి పొడి వెనక చేరింది. పంటి మాత్రలు మాయమయ్యాయి. మిగిలింది చక్కగా సాగే ఒక అబద్ధం.

"మేడమ్, మీరు తీసేస్తే మీకు తెలిసే తీసేశారనుకున్నాను," అంది చిన్న డాక్టరమ్మ మెల్లగా.

"నీ రోగి, నీ పేరు. నేను తీసేస్తే ఎందుకని అడగవలసింది నువ్వు," అన్నాను. అన్యాయమైన మాట. నన్ను అడిగే ధైర్యం ఆ భవనంలో ఎవరికీ లేకుండా చేసిందీ నేనే.

టైంకీపరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే పొడి వల్ల కాదా? మూడు నెలలుగా మా అన్నయ్య నాతో మాట్లాడటం లేదండీ. వార్డులో అందరి ముందూ 'నాన్నకి విషం పెట్టావు' అన్నాడు. మా వదినైతే నేను టీ ఇచ్చినా తాగదు."

"పొడి వల్ల కాదని నేను చెప్పను. జబ్బు మొదలయ్యాకనే పొడి వచ్చింది కనుక, మొదలుపెట్టింది అది కాదు. మొదలైన దాన్ని ఎక్కువ చేసిందేమో ఈ కేసు చెప్పలేదు. ఆ పొడిని ఎవరూ ప్రయోగశాలలో పరీక్షించలేదు."

ఆమె ముఖంలో అప్పుడే వెలిగినది సగంలో ఆగింది. "మొత్తానికి నన్ను పూర్తిగా వదలరన్నమాట," అంది.

"ఉన్నంతవరకే చెప్తానమ్మా, అంతవరకు మీ అన్నయ్యకి కాగితం మీద రాసిస్తాను. దానికి మించి చెప్తే నేనూ మీ అన్నయ్యలాంటి దాన్నే."

అప్పుడు నాకు తట్టవలసింది తట్టింది. "ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కార్డు ఉందా?"

కార్డు ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. 'వాడకూడనివి' అన్న గడిలో ఒకే మాట: మూలికల పొడి. మా నివేదిక ఎలా ఆలోచించిందో కార్డూ అలాగే ఆలోచించింది. చిన్న డాక్టరమ్మ కార్డు రాసింది మొదటి ప్రతి తయారుచేసిన వారంలోనే, పెద్ద డాక్టరు చెప్పినట్టు.

"నాన్నగారి పన్ను ఇప్పుడెలా ఉంది?"

"మళ్ళీ వాచిందండీ. రేపు పొద్దున పీకేస్తామన్నారు. నిన్ననే ఈ కార్డు చూపించాను. పళ్ళ డాక్టరు చదివి, 'పొడులేమీ వాడకండి' అని నవ్వి, మాత్రలు రాసిచ్చారు."

"ఏ మాత్రలు?"

ఆమె పళ్ళ డాక్టరు చీటీ తీసి బల్ల మీద పరిచింది. మొదటిసారి వాడిన మాత్రే.

"నాన్నగారు ఎక్కడ?"

"కింద కాంటీనులో. మెట్లెక్కలేనన్నారు."

ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. "ఎత్తడండీ, చెవుడు లేదు, మొండితనం," అంటూ లేచింది. చిన్న డాక్టరమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది. నా మోకాళ్ళు ఒప్పుకోకపోయినా నేనూ దిగాను. లిఫ్టు కోసం నిలబడే ఓపిక ఆ క్షణంలో లేదు.

ఆయన కిటికీ పక్కన టీ ముందు కూర్చుని ఉన్నాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. బల్ల మీద రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టే ఆనించి ఉంచాడు.

"నాన్నా, మాత్రలు వేసుకున్నావా?"

"వేసుకోవద్దంటావా, వేసుకోమంటావా? నిన్న రెండుసార్లు గుర్తుచేసింది నువ్వే కదే!" చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. మూడు గుంటలు ఖాళీ. నిన్న మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, ఈ ఉదయం ఒకటి. "అన్నం తిన్నాకే వేసుకున్నా. నీకు రాసిపెట్టాను కూడా," అని అట్ట వెనక పెన్నుతో రాసిన సమయాలు చూపించాడు. కూతురికి ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత గంట సేపు జరిగిందాన్ని నేను వరుసగా చెప్తాను, ఎందుకంటే ఈసారి వరుస తప్పే హక్కు నాకు లేదు. మాత్రలు ఆపించాము. చిన్న డాక్టరమ్మ పళ్ళ డాక్టరుకు ఫోను చేసి, ఏ తప్పునూ కప్పిపుచ్చకుండా, కార్డులో రాయవలసింది రాయలేదని చెప్పింది. ఆయన మందు మార్చాడు, పన్ను తీయడం వాయిదా వేశాడు. రోగి రక్తం తీశారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. మూడో రోజు, ఏడో రోజు మళ్ళీ తీయాలి, దురద గానీ వాంతి గానీ కళ్ళ పసుపు గానీ కనిపిస్తే వెంటనే రావాలి అని కాగితం మీద రాసిచ్చాము. కార్డు గడిలో ఆ మందు పేరు ఎర్ర సిరాతో చేరింది.

నివేదిక నాలుగు గంటలకు వెళ్ళలేదు. నా పొడి అక్షరాలు నేను వేయలేదు.

పెద్ద డాక్టరు అయిదింటికి నా గదికి వచ్చాడు. మంచి వైద్యుడు. మాట మెత్తన. కోపం వచ్చినప్పుడు ఇంకా మెత్తన. "మీ కత్తెర ఇవాళ మా గొంతు మీద పడ్డట్టుందే," అన్నాడు.

"నా కత్తెరే తప్పు కోసింది. సరిచేస్తున్నాను."

"మూలికల ప్రమాదాల ప్రత్యేక సంచిక అది. గడువు ఇవాళ్టితో సరి. ఆ పిల్లకి పరీక్ష ఆగిపోతుంది, తెలుసా?"

"తెలుసు. అయినా ఈ కేసు మూలికల గురించి ఏమీ చెప్పడం లేదు. కామెర్లు తెప్పించే హెపటైటిస్ ఇ వైరస్ పరీక్ష కూడా చేయించలేదు మీరు. ఆ సంగతీ రాయాలి."

ఆయన కుర్చీని బల్ల కిందికి తోసి వెళ్ళిపోయాడు.

మూడో రోజు రక్తం బాగానే ఉంది. ఆ సాయంత్రం నేను ఇంట్లో ఒక పుస్తకం తెరిచి ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. అయిదో రోజు ఉదయం ఫోను వచ్చింది. "మేడమ్," అంది టైంకీపరు, "తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి మొదలైంది. అరచేతులు."

అరచేతుల దురద. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పైత్యరసం దారి ఆగితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలు స్థాయికి మూడింతలు అయింది. ఒకటి చుట్టూ ఉండాల్సిన బిలిరుబిన్, కామెర్ల కొలత, రెండు దాటింది. ఎనిమిదో రోజు నాలుగు. నేను రోజూ వార్డుకు వెళ్ళి మంచం కాళ్ళ దగ్గర నిలబడేదాన్ని. కూర్చోమనే మర్యాద ఆయన మర్చిపోలేదు, కూర్చునే అర్హత నాకుందని నేను అనుకోలేదు. "మీరేగా ఆ కత్తెర?" అని అడిగాడొకసారి. అవునన్నాను. "మా డిపోలోనూ ఒకడుండేవాడు. స్టాపులు తగ్గిస్తే బండి తొందరగా చేరుతుందనేవాడు. చేరేది. మనుషులే ఎక్కేవారు కాదు." గోక్కుంటూనే నవ్వాడు. పదకొండో రోజు అంకెలు ఆగాయి. మూడో వారానికి దిగాయి. మనిషి బతికాడు. మూడు మాత్రల దగ్గర ఆగాడు కనుక బతికాడని కూడా నేను రాయను. రాసిచ్చిన పధ్నాలుగూ వేసుకుని ఉంటే ఏమయ్యేదో ఈ కేసు చూపించలేదు.

హెపటైటిస్ ఇ పరీక్ష ఈసారి చేయించారు. లేదని తేలింది. అది ఈసారి సంగతే, మొదటిసారికి సమాధానం కాదు.

అసలు ఘర్షణ అప్పుడు మొదలైంది. ఆయన ఇంటికి వెళ్ళిన మర్నాడే పెద్ద డాక్టరు కొత్త ప్రతితో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. పక్కన చిన్న డాక్టరమ్మ ఉంది. టైంకీపరును కూడా పిలిపించాడు, సంతకం కోసం.

"చూడండి మేడమ్, ఇప్పుడు ఈ కేసు ఎక్కడికో వెళ్ళిపోయింది! అదే మందు మళ్ళీ పడింది, అదే జబ్బు మళ్ళీ వచ్చింది. ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? కావాలని ఇచ్చి చూడటానికి ఎవరూ ఒప్పుకోరు. మనకి దానంతటదే దొరికింది."

"దొరికిందా?" అంది టైంకీపరు. అంతే అంది.

నేను చదివాను. తేదీలు ఇప్పుడు వరుసలో ఉన్నాయి. మంచి సాక్ష్యమన్న మాటా నిజమే, కాదనను. కానీ చర్చ చివర కొత్త వాక్యం: 'అరవై దాటిన వారెవరికీ ఈ మందు ఇవ్వరాదు.' నిన్నటి దాకా పొడి దోషి, ఇవాళ మాత్ర దోషి. ఒక్క మనిషి ఒంటి మీద దేశానికంతటికీ చట్టం రాసే ఉత్సాహం మాత్రం అదే. ఆ వాక్యం కొట్టేశాను. 'ఈ రోగి ఈ మందును మళ్ళీ వాడకూడదు' అని పెట్టాను. ఆయన భుజాలెగరేసి ఒప్పుకున్నాడు.

తర్వాత కథనంలో ఒక చోట ఆగాను. 'అనుకోకుండా రోగికి అదే మందు మళ్ళీ అందింది.'

"అనుకోకుండా అంటే?"

"అంటే అనుకోకుండానే. ఎవరనుకున్నారు?"

నేను పెన్సిలు తీసి ఆ మాట కింద రాశాను: 'మొదటిసారి పంపినప్పుడు ఇచ్చిన కార్డులో ఈ మందు పేరు మేము చేర్చలేదు. నివేదిక కుదింపులో మందు ప్రస్తావనను, దురద మొదలైన తేదీని తొలగించాము. కార్డు చూసిన దంతవైద్యుడు అదే మందు రాశారు.'

పెద్ద డాక్టరు చదివి, కాగితం బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు. "ఇది కేసు రిపోర్టా, నేరం ఒప్పుకునే పత్రమా?"

"చర్చ కేసు దాటకూడదని మీకు ఎప్పుడూ చెప్తాను. కేసు కన్నా తక్కువ చెప్పకూడదన్నదీ అదే నియమం. ఇందులో నా అభిప్రాయం ఒక్కటీ లేదు. కార్డు ఉంది, పళ్ళ డాక్టరు చీటీ ఉంది, నా పెన్సిలు గీత ఉంది. మూడింటికీ తేదీలున్నాయి."

"కుదించింది మీరు. మీ పేరు రచయితల్లో లేదు. మునిగేది మేము."

"కృతజ్ఞతల్లో నా పేరు వేస్తారుగా. అక్కడ తీసేసి ఇక్కడ పెట్టండి."

చిన్న డాక్టరమ్మ అంతవరకు కిటికీ వైపు చూస్తోంది. ఇప్పుడు కాగితం తన వైపు లాక్కుంది. "కార్డు రాసింది నేను సార్," అంది. "మొదటి రచయిత నేనే కదా. 'మేము' అంటే నేనే. ఉంచుదాం."

"పరీక్ష?"

"మళ్ళీ వస్తుంది సార్."

పెద్ద డాక్టరు టైంకీపరు వైపు తిరిగాడు, ఆవిడైనా తెలివిగా ఉంటుందన్నట్టు. "చూడమ్మా, ఈ వాక్యాలుంటే పత్రిక వాళ్ళు వేయకపోవచ్చు. అప్పుడు మీ నాన్నగారి అనుభవం ఎవరికీ ఉపయోగపడదు. మీరు సంతకం పెట్టించండి, ఆ సంగతి మేం చూసుకుంటాం."

ఆమె సమ్మతి పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి నోటుపుస్తకంలో దాచుకుంది. "నాన్న ఒకటే చెప్పమన్నాడండీ. ఏ బండి ఎందుకు ఆలస్యమైందో రాయకపోతే ఆ షీటు మీద ఆయన ఎప్పుడూ సంతకం పెట్టలేదట. ఆ మూడు వాక్యాలూ ఉంటే పెడతాడు. లేకపోతే లేదు." లేచి, నా వైపు తిరిగి, "మీరు మా అన్నయ్యకి రాస్తానన్న కాగితం ఇవ్వండి," అంది.

ఇచ్చాను. అందులో పొడి జబ్బును మొదలుపెట్టలేదని రాశాను, నిర్దోషి అని రాయలేదు. ఆమె నిలబడే చదివింది. "ఇది చాలదు," అంది. "కానీ అబద్ధం లేదు." సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆరు వారాలైంది. నివేదిక నా బల్ల మీదే ఉంది. మూడు వాక్యాలూ అందులో ఉన్నాయి. చిన్న డాక్టరమ్మ సంతకం ఉంది, ప్రతి అక్షరం చదవగలిగేంత స్పష్టంగా. పెద్ద డాక్టరు సంతకం గడి ఖాళీ. ఆయన కింద వార్డులో రౌండ్లు తిరుగుతున్నాడు. అక్కడి నుంచి ఈ ఉదయం కూడా పదిమంది కార్డులు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు. ఆ కార్డులు రాసిన చేతులను నేను చూడలేను, వాటి వెనక ఏ వాక్యం కొట్టివేతకు గురైందో నాకు తెలియదు. మీకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ ఒంట్లో ఉన్నది మీరు, ఆ మంచం పక్కన మేలుకున్నది మీరు. కాబట్టి మీ ఇంట్లో ఉన్న ఆసుపత్రి కార్డు ఇప్పుడే తీయండి. మందులు, బాధలు, తేదీలు మీకు జరిగిన వరుసలో ఉన్నాయో లేదో చదవండి. లేకపోతే తీసుకెళ్ళి రాసినవారి ముందు పెట్టండి, వాళ్ళు సరిచేసి సంతకం పెట్టేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.